మన వరి మడికి నత్రజని హిసాబ్: యూరియా నాలుగు బస్తాలా, రెండు బస్తాలా?

2025 వానాకాలంలో తెలంగాణలో యూరియా కోసం జనం పడ్డ పాట్లు అందరికీ గుర్తే. తెల్లవారకముందే పోయి, లైన్లో చెప్పులు, పాసు పుస్తకాలు పెట్టి నిలబడ్డారు. ఆ రోజుల్లో మా మామూ కూడా నాలుగు రోజులు తిరిగి రెండు బస్తాలు తెచ్చుకున్నాడు. "ఎకరాకు నాలుగు వేసేవాణ్ణి, ఇప్పుడు రెండే దొరికినయి. పంట సగమైపోతది" అని ఒకటే బెంగ. అప్పుడు నేను అడిగింది ఒక్కటే మాట: "మామూ, నాలుగు కావాలని నీకు ఎవరు చెప్పారు?" ఆయన కొంచెం ఆలోచించి, "పక్క మడి ఆయన నాలుగు వేస్తడు కదా" అన్నాడు.

మన ఇండ్లల్లో పెండ్లి ఖర్చుకైనా, దుకాణం నడపడానికైనా జమ ఎంత, ఖర్చు ఎంత అని రాసుకుంటాం. మడికి వేసే నత్రజనికి మాత్రం అలాంటి లెక్క చాలామంది ఇండ్లల్లో ఉండదు. ఆ లెక్క ఎట్లా కట్టాలో మామూ ఎకరం యాసంగి వరినే ఉదాహరణగా తీసుకుని చెప్తాను. రకం ఎం.టి.యు. 1010, అంటే మనవాళ్లు కాటన్ దొర సన్నాలు అనేది. నీళ్లు బోరువి.

బస్తాలో ఉన్నదెంత?

ముందుగా బస్తాల లెక్కను కిలోల లెక్కలోకి మార్చుకోవాలి. యూరియాలో నత్రజని నూటికి 46 పాళ్లు. ఇప్పుడు వచ్చే బస్తా 45 కిలోలది, కాబట్టి ఒక్కో బస్తాలో నత్రజని సుమారు 20.7 కిలోలు. డీఏపీ బస్తా 50 కిలోలు, అందులో నత్రజని నూటికి 18 పాళ్లు, అంటే 9 కిలోలు. చాలామంది డీఏపీని భాస్వరం కోసమే అనుకుని దానిలోని నత్రజనిని లెక్కలోనే పెట్టరు. 20-20-0-13 బస్తా వేస్తే అందులోనూ 10 కిలోల నత్రజని వస్తుంది.

మామూ కిందటి యాసంగిలో ఒక డీఏపీ, నాలుగు యూరియా వేశాడు. డీఏపీ నుంచి 9, యూరియా నుంచి 83, మొత్తం 92 కిలోలు. సాధారణ సిఫారసు ఎకరాకు 48 కిలోల దగ్గర ఉంటుంది, యాసంగికి ఇంకొంచెం ఎక్కువ చెప్తారు. అంటే మామూ దాదాపు రెండింతలు వేశాడు. దిగుబడి 26 క్వింటాళ్లు. చేను ఓ మూల పడిపోయింది, దోమకు రెండుసార్లు మందు కొట్టాల్సి వచ్చింది.

పంట నిజంగా తీసుకునేదెంత?

ఒక టన్ను వడ్లు పండాలంటే వరి మొక్క గింజలోకి, గడ్డిలోకి కలిపి సుమారు 17 కిలోల నత్రజని తీసుకుంటుంది. అందులో 11 కిలోల దాకా గింజలోకి పోతే, 6 కిలోలు గడ్డిలో ఉంటుంది. ఇది సమంగా తిన్న పంట లెక్క. ఆకలితో పెరిగిన పంటలో టన్నుకు 15 కిలోల దాకా పడిపోతుంది. అతిగా వేసిన చేనులో 20 దాకా ఎక్కుతుంది, కానీ ఆ ఎక్కువంతా ఆకుపచ్చదనంగా మిగులుతుంది తప్ప గింజగా మారదు.

26 క్వింటాళ్లు అంటే 2.6 టన్నులు. సమంగా పెరిగితే 44 కిలోలు చాలు. మామూ చేను నల్లపచ్చగా ఎక్కింది కాబట్టి 20 చొప్పున వేసుకున్నా 52 కిలోలే. వేసింది 92. పైగా ఈ 52 కూడా అంతా బస్తాల్లోంచి వచ్చింది కాదు. నేల తన వంతు తాను ఇచ్చింది. ఆ వంతు ఎంతో తెలిస్తేనే లెక్క తేలుతుంది.

నేల ఇచ్చేది ఎట్లా తెలుసుకోవాలి?

ఇక్కడ చాలామంది సాయిల్ హెల్త్ కార్డు తీస్తారు. కార్డులో "లభ్య నత్రజని" అని హెక్టారుకు కిలోల్లో ఒక అంకె ఉంటుంది. 280 కంటే తక్కువైతే తక్కువ, 560 దాటితే ఎక్కువ అని వర్గీకరిస్తారు. ఉదాహరణకు 210 అని రాస్తే అది మన పంట తీసుకునే 210 కిలోలు కాదు. మట్టిని ప్రయోగశాలలో ఒక రసాయనంతో చర్య జరిపినప్పుడు బయటికొచ్చే మొత్తం అది. నీళ్లు నిలిచిన మడిలో ఒక పంటకాలంలో ఎంత దొరుకుతుందో అది సూటిగా చెప్పదు. నేల ఏ తరగతిలో ఉందో తెలుసుకోవడానికి కార్డు పనికొస్తుంది. ఆ అంకెను మాత్రం లెక్కలో తీసివేయకూడదు.

దీనికంటే నమ్మకమైన పరీక్ష మన మడిలోనే చేసుకోవచ్చు. మడిలో మధ్యరకం పంట పండే చోట ఆరు మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు ముక్కకు నాలుగు పక్కలా గట్టి గట్టు వేయాలి. ఆ ముక్కలో యూరియా, డీఏపీ ఏమీ వేయకూడదు. భాస్వరానికి సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, పొటాష్, జింకు మాత్రం మిగతా మడికి ఎంత వేస్తే దానికీ అంతే వేయాలి. లేకపోతే దిగుబడి నత్రజని లేక తగ్గిందో, ఇంకేదో లేక తగ్గిందో తెలియదు. నీళ్లు కూడా కాలువ నుంచి విడిగా పెట్టాలి. పక్క మడిలో యూరియా కలిసిన నీళ్లు ఈ ముక్కలోకి పొంగితే పరీక్ష చెడిపోయినట్టే.

కోత రోజు అంచులు వదిలేసి మధ్యలో 5 మీటర్లు × 5 మీటర్లు కోసి, నూర్చి, ఎండబెట్టి తూకం వేయాలి. మిగతా మడిలో కూడా అంతే జాగా కోసి తూయాలి. వచ్చిన కిలోలను 162తో గుణిస్తే ఎకరా దిగుబడి వస్తుంది. ఎందుకంటే ఎకరంలో 25 చదరపు మీటర్ల ముక్కలు దాదాపు 162 ఉంటాయి. ఈ ముక్కలో మనకు పోయేది పది కిలోల లోపు వడ్లే.

మామూ కిందటి యాసంగిలోనే, నేను పట్టుబట్టితే, ఇష్టం లేకుండానే ఈ ముక్క వదిలాడు. అందులో 10 కిలోలు వచ్చాయి, అంటే ఎకరాకు 16 క్వింటాళ్లు. బస్తా వేసిన చోట 16 కిలోలు వచ్చాయి, అంటే 26 క్వింటాళ్లు. "ఏమీ వేయకుండానే పదహారా?" అని మామూ రెండోసారి తూకం వేయించాడు. నిజానికి ఇది వింత కాదు. నేలలోని సేంద్రియ పదార్థం కరుగుతూ, నీళ్లలో పెరిగే నాచు, సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తూ ఉంటే నీళ్లు నిలిచిన వరి మడి బస్తా లేకుండా కూడా కొంత పండిస్తుంది.

92 కిలోలు ఏమైనట్టు?

ఇప్పుడు లెక్క చూద్దాం. ఖాళీ ముక్కలో 1.6 టన్నులు పండింది, ఆకలి పంట కాబట్టి టన్నుకు 15 చొప్పున 24 కిలోలు నేల ఇచ్చింది. బస్తా వేసిన చేను తీసుకున్నది 52. తేడా 28 కిలోలు. 92 కిలోలు వేస్తే పంటలోకి చేరింది 28, అంటే నూటికి 30. ఇంకో రకంగా చెప్పాలంటే, 92 కిలోలు వేసి అదనంగా సంపాదించింది 10 క్వింటాళ్లు, ఒక్కో కిలోకు 11 కిలోల వడ్లు. బాగా చూసుకున్న మడిలో ఒక్కో కిలో నత్రజనికి 20 కిలోల వడ్లు రావాలి, ఇంకా బాగుంటే 25 కూడా వస్తాయి.

మిగతా 64 కిలోల్లో కొంత వేళ్లలో, మట్టిలో నిలిచింది. ఎక్కువ భాగం గాలిలోకి, నీళ్లలోకి పోయింది. యూరియా నిలిచిన నీళ్లలో పడగానే రెండు మూడు రోజుల్లో అమ్మోనియా రూపంలోకి మారుతుంది. మధ్యాహ్నం ఎండలో నాచు పెరిగే కొద్దీ నీళ్లు క్షారగుణంలోకి పోతాయి. అప్పుడు అమ్మోనియా ఆవిరిగా లేచిపోతుంది. చల్లిన తర్వాత మొదటి వారంలోనే ఈ నష్టం ఎక్కువ. మడి ఒకసారి ఎండి, పగుళ్లు వచ్చి, మళ్లీ నీళ్లు నిలిస్తే ఇంకో దారిలో నష్టం జరుగుతుంది. ఎండినప్పుడు నైట్రేట్‌గా మారినది, నీళ్లు నిలవగానే వాయువై పోతుంది. ఒక మడి నుంచి ఇంకో మడికి పొంగిపొర్లే నీళ్లతో పోయేది మూడో దారి.

కాబట్టి ఎక్కువ బస్తాలు వేయడం వల్ల ఈ నష్టాలు పూడవు. నీళ్లలో ఎంత ఎక్కువుంటే అంత ఎక్కువ పోతుంది.

కొత్త మోతాదు ఎట్లా తీయాలి?

సూత్రం చాలా సాదా:

వేయాల్సిన నత్రజని = (అనుకున్న దిగుబడి − ఖాళీ ముక్క దిగుబడి) ÷ 20

అన్నీ కిలోల్లోనే. మామూ అనుకున్నది 2600, ఖాళీ ముక్క 1600. తేడా 1000. దాన్ని 20తో భాగిస్తే 50 కిలోలు. నీళ్లు నిలవని ఇసుక నేలైతే 20 బదులు 16 పెట్టుకోండి, అప్పుడు 60 కిలోలు దాటుతుంది. "అనుకున్న దిగుబడి" దగ్గర ఆశ పడొద్దు. గత నాలుగైదు యాసంగుల్లో మంచి ఏడాది ఎంత వచ్చిందో అదే పెట్టాలి. ఆ మడిలో ఎన్నడూ రాని 35 క్వింటాళ్లు రాస్తే లెక్క మళ్లీ నాలుగు బస్తాల దగ్గరికే పోతుంది.

తర్వాత జమలు చూడాలి. ఈసారి మామూ రెండు ట్రాలీల పశువుల ఎరువు తోలాడు, సుమారు 4 టన్నులు. బాగా చివికిన పశువుల ఎరువులో నత్రజని నూటికి అర పాలు, అంటే 20 కిలోలు. కానీ మొదటి పంటకు దొరికేది దానిలో పావు వంతే అనుకోవాలి, అంటే 5 కిలోలు. 50లోంచి 5 తీస్తే 45. జీలుగ గానీ జనుము గానీ పూత దశలో కలియదున్ని ఉంటే ఈ జమ ఇంకా పెద్దగా ఉంటుంది. అది మెత్తగా ఉంటుంది కాబట్టి తొందరగా కరిగి అదే పంటకు చాలావరకు అందుతుంది.

ఇక్కడ ఒక పొరపాటు జరుగుతుంది. ఖాళీ ముక్క పెట్టిన ఏడాది ఆ ముక్కకు కూడా ఎరువు తోలి ఉంటే, దాని బలం ఆ 16 క్వింటాళ్లలోనే కలిసిపోయింది. మళ్లీ తీసేస్తే ఒకే జమను రెండుసార్లు రాసినట్టు. మామూ ఆ ఏడాది తోలలేదు, అందుకే ఈసారి తీసేశాం.

45లో ఒక డీఏపీ బస్తాది 9 పోగా 36 మిగిలింది. 20.7తో భాగిస్తే ఒక బస్తా ముప్పావు. నాలుగు బస్తాల చోట ఒకటి ముప్పావు. దొరికిన రెండు బస్తాలు చాలుతాయని తేలిపోయింది.

ఎప్పుడు వేయాలి?

మోతాదు తగ్గినప్పుడు వేసే వేళ ఇంకా ముఖ్యం. డీఏపీ ఆఖరి దమ్ములో వేశాం. నాటిన 12-15 రోజులకు అర బస్తా యూరియా, 25 రోజులకు అర బస్తా, చిరుపొట్ట దశలో ముప్పావు బస్తా అనుకున్నాం. చిరుపొట్ట ఎప్పుడొస్తుందో క్యాలెండర్ చూసి కాకుండా మొక్కను చూసి తెలుసుకోవాలి. పెద్ద పిలకను మొదట్లో కోసి నిలువుగా చీల్చితే, లోపల తెల్లటి చిన్న కుచ్చులాంటిది ఒకటి రెండు మిల్లీమీటర్లు కనబడాలి. మామూ చేనులో అది నాటిన 41వ రోజు కనబడింది.

ప్రతిసారీ ముందు మడిలో నీళ్లు తీసి, బురద పదునులో యూరియా చల్లాం. ఒకటిన్నర, రెండు రోజుల తర్వాత నీళ్లు పెట్టాం. నీళ్లలో చల్లితే పోయే ఆవిరి దీనితో చాలా తగ్గుతుంది. ఈ పని చేయకుండా మోతాదు మాత్రం తగ్గిస్తే పంట నిజంగానే తగ్గుతుంది. ఎందుకంటే కిలోకు 20 కిలోల వడ్లు వస్తాయన్న లెక్క ఈ నీళ్ల పద్ధతి మీదనే ఆధారపడి ఉంది.

రెండో దఫాకు ముందు ఆకు రంగు పట్టిక చూశాం. ఇది ప్లాస్టిక్ పట్టీ, దాని మీద లేతపచ్చ నుంచి ముదురుపచ్చ దాకా గళ్లు ఉంటాయి. పొద్దున 8 నుంచి 10 గంటల లోపు, మన నీడలో పెట్టి, పూర్తిగా విచ్చుకున్న పైఆకును పది మొక్కల్లో పోల్చాలి. పదిలో ఆరు ఆకులు ఆ రకానికి చెప్పిన గడి కంటే లేతగా ఉంటేనే అర బస్తా వేయాలి. 25వ రోజు మామూ చేనులో మూడు ఆకులే లేతగా ఉన్నాయి. వారం ఆగి చూస్తే ఏడు. అప్పుడు వేశాం. ఆ వారం రోజులు మామూ నిద్రపోలేదని మామీ నవ్వింది.

పసుపు అంతా నత్రజని లోపం కాదు

యాసంగిలో బస్తాలు పెరగడానికి పెద్ద కారణం జనవరి చలి. చలికి మొక్క కదలదు, ఆకు పసుపు పడుతుంది, వెంటనే యూరియా చల్లుతాం. చలికి వేరు పని చేయనప్పుడు వేసిన యూరియా నీళ్లలోనే ఉండిపోతుంది. నత్రజని లోపమైతే ముందు కింది పాత ఆకులు కొస నుంచి ఒకే తీరుగా పసుపు పడతాయి. జింకు లోపమైతే నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో ముదురాకుల మీద తుప్పు రంగు మచ్చలు వస్తాయి, ఆకులు చిన్నగా పెళుసుగా ఉంటాయి. దానికి లీటరు నీళ్లకు 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి, ఐదు రోజుల తేడాతో రెండు మూడుసార్లు కొట్టాలి. మొక్కను పీకితే వేర్లు నల్లబడి, మురిగిన గుడ్డు వాసన వస్తే అది మురుగు సమస్య, నీళ్లు తీసి మడిని ఆరనివ్వాలి. ఈ మూడింటికీ యూరియా వేస్తే మొదటి దానికే పని చేస్తుంది.

తగ్గిస్తే నేల గుల్లవుతుందా?

మామూ ఆఖరి ప్రశ్న ఇదే. ఇది న్యాయమైన ప్రశ్న. అందుకే నేల ఖాతా కూడా రాశాం. జమ వైపు బస్తాల నుంచి 45, పశువుల ఎరువు 20, నాచు, సూక్ష్మజీవులు, వాన కలిపి ఓ 10. మొత్తం 75. ఖర్చు వైపు గింజతో 28, గడ్డి మొత్తం కట్టలు కట్టి తీసుకుపోతే 16, జాగ్రత్తగా వేసినా గాలి, నీళ్ల పాలయ్యేది ఓ 17. మొత్తం 61. ఎరువులోంచి కూడా కొంత పోతుంది గానీ ఖాతా మాత్రం జమలోనే ఉంటుంది.

ఎరువు తోలకుండా, 50 కిలోలు బస్తాలతోనే వేసి, గడ్డి మొత్తం తీసుకుపోతే జమా ఖర్చు దాదాపు సమానం, లేదా కొంచెం లోటు. గడ్డి తగలబెడితే దానిలోని నత్రజని దాదాపు అంతా పొగే. అంటే నేల బలం నిలిచేది నాలుగో యూరియా బస్తాతో కాదు. ఎరువు, పచ్చిరొట్ట, మడిలోనే కలిపిన గడ్డితోనే నిలుస్తుంది. కౌలు చేసేవాళ్లకు ఇక్కడ చిక్కు ఉంది. వచ్చే ఏడాది మడి మనకే ఉంటుందో లేదో తెలియనప్పుడు ఎరువు ఎవరు తోలుతారు? కనీసం మడి యజమానితో రెండేళ్ల మాట తీసుకుంటే ఈ లెక్క వాళ్లకూ పనికొస్తుంది.

ఏమైంది?

ఈ యాసంగిలో మామూకు ఇరవై అయిదున్నర క్వింటాళ్లు వచ్చాయి. నిరుటి కంటే అర క్వింటాలు తక్కువ, అది తూకం తేడానో పంట తేడానో ఒక్క ఏడాదితో తేలదు. చేను పడలేదు, దోమకు ఒక్కసారే మందు కొట్టాల్సి వచ్చింది. మిగిలిన యూరియా ధర చూస్తే పెద్దది కాదు, బస్తా 266 రూపాయల చిల్లర కాబట్టి ఆరు వందలు. మందు ఖర్చు, పడిపోయిన చేనుకు కోత మిషన్ తీసుకునే అదనపు గంటలు దానికంటే ఎక్కువ.

ఈసారి కూడా ఖాళీ ముక్క పెట్టమని నేను చెప్పలేదు. మామూ తనే గట్టు వేశాడు, ఇంకో చోట. రకం మారినా, నీళ్లు మారినా, ఎరువు తోలడం మానేసినా ఆ 16 క్వింటాళ్ల అంకె మారుతుంది కాబట్టి రెండు మూడేళ్లకోసారి మళ్లీ చూసుకోవాలి. వానాకాలం లెక్క వేరు, యాసంగి లెక్క వేరు. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే ఈ తూకాలు, తేదీలు ఒక నోటుబుక్కులో రాయించండి. వచ్చే సీజన్లో యూరియా లైన్లో నిలబడాల్సి వస్తే, ఎన్ని బస్తాల కోసం నిలబడాలో ఆ నోటుబుక్కు చూసి పోవచ్చు.